మినుము ఫొటో డైరీ: 451 ఫొటోల్లోంచి ఒక్కటి ఎలా మిగిలింది

మినుము మా ఇంటి నాటు కుక్క. ఒళ్లంతా నలుపు, కళ్లు ముదురు గోధుమ రంగు, ఎడమ చెవి కొస సగానికి మడిచి ఉంటుంది. శ్రీకాకుళంలో జంతువుల దుకాణం వాళ్లు పెంపుడు జంతువుల ఫొటోల పోటీ పెడితే వాడి ఫొటో పంపాను. ఒక్కటి పంపడానికి రెండు వారాలు పట్టింది. నల్ల కుక్కనో నల్ల పిల్లినో పెంచుకునేవాళ్లకు నా తప్పులు పనికొస్తాయని లెక్కలతో సహా రాసి పెడుతున్నాను.

పోటీ నియమాల్లో నాకు అవసరమైనవి ఇవి. జంతువుకి ఒక్క ఫొటోనే. పొడవు వైపు కనీసం 2000 పిక్సెళ్లు ఉండాలి. ఫైలు 5 ఎంబీ దాటకూడదు. వెలుతురు సరిచెయ్యొచ్చు, అంచులు కత్తిరించొచ్చు, ఏదీ చెరపకూడదు, అతికించకూడదు. ముందు అందరికీ చిన్న చదరపు బొమ్మలుగా చూపిస్తారు, వాటిలోంచి ఎంచినవే న్యాయనిర్ణేతల ముందుకు వెళ్తాయి. ఈ ఆఖరి ముక్క నేను మొదట పట్టించుకోలేదు. చివర్లో అదే కాళ్లకు చుట్టుకుంది.

సామాను: ఫోను, పాత ల్యాప్‌టాప్, కొలత టేపు, రూళ్ల నోటుపుస్తకం.

దశ 1: కన్ను పదునుగా ఉందా? (జనవరి 3 – 7)

నాలుగు రోజులు ఇంటి దగ్గరే తీశాను. వరండాలో, పెరట్లో, డాబా మీద మొత్తం 387 ఫొటోలు. ఫోనులో చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. అసలు మోసం అక్కడే ఉంది. అరచేతిలో పట్టే తెర మీద మసకగా ఉన్న కన్ను కూడా పదునుగానే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో వేసి, వంద శాతానికి పెంచి, కెమెరాకి దగ్గరగా ఉన్న కన్నొక్కటే చూడటం మొదలుపెట్టాక కుప్పలు కుప్పలుగా పోయాయి.

చేసిన పద్ధతి:

1. ఫొటోని నిజ పరిమాణంలో తెరవాలి. ముందు ముక్కు చూడాలి, తర్వాత కన్ను.
2. కంటి రెప్ప అంచున వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఉంచాలి.
3. ముక్కు మీద గరుకు కనిపించి, రెప్ప దగ్గర మెత్తబడితే తీసెయ్యాలి.
4. రెండూ ఒకే వైపు సాగినట్టుంటే కుక్క కదిలిందన్నమాట. అదీ తీసెయ్యాలి.

ముక్కు దగ్గర ఫోకస్ ఆగిపోయినవి 94. కదిలిపోయినవి 118.

ఆ 94 ఎందుకు పోయాయో తెలుసుకోవాలని టేపు తీశాను. మినుము ముక్కు కొస నుంచి కళ్ల దాకా 9 సెంటీమీటర్లు. మనిషి ముఖంలో ఇంత ఎత్తుపల్లాలు ఉండవు. నేను ఫోనుని వాడి ముఖానికి 30 సెంటీమీటర్ల దగ్గర పెట్టి తీశాను. అంత దగ్గర్లో ఫోను కెమెరా కూడా మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు మాత్రమే పదునుగా పట్టగలదు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుని పట్టుకుని కన్నుని వదిలేసింది. 120 సెంటీమీటర్లు వెనక్కి జరిగి తీసినవాటిలో ముక్కూ కన్నూ రెండూ పదునుగా వచ్చాయి.

దగ్గర్నించి తీస్తే ఇంకో నష్టం కూడా ఉంది. వాడి ముక్కు వెడల్పు 3 సెంటీమీటర్లు, రెండు కనుపాపల మధ్య దూరం 6. అంటే ముక్కు ఆ దూరంలో సరిగ్గా సగం. 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫొటోలో రూళ్లకర్ర పెట్టి కొలిస్తే ముక్కు సుమారు 0.65 వంతు వచ్చింది. 120 నుంచి తీసినదాంట్లో 0.54. పొట్లకాయలా సాగిన ముక్కు వెనక చిన్న కళ్లు పెట్టినట్టుంటే మా వాడి పోలికే రాదు. మా అమ్మ ఆ ఫొటోలు చూసి "ఇది మన మినుము కాదురా, పక్కీధి కుక్క" అంది. ఆవిడ కొలవకుండానే చెప్పింది.

కదిలిన 118 సంగతి సులువు. ఫొటో వివరాల్లో షట్టర్ వేగం చూశాను. సాయంత్రం వరండాలో తీసినవి చాలావరకు 1/30, 1/40 దగ్గర ఉన్నాయి. కూర్చున్న కుక్క కూడా తల ఆడిస్తూనే ఉంటుంది. 1/250 కంటే వేగంగా పడినవాటిలో కదిలినవి దాదాపు లేవు. అంత వేగం రావాలంటే కావలసింది వెలుతురు. నా చెయ్యి ఎంత స్థిరంగా ఉన్నా లాభం లేదు.

లెక్క: 387 – 212 = 175.

దశ 2: కంట్లో వెలుగు (జనవరి 7 రాత్రి)

నల్ల ముఖంలో ముదురు కళ్లు. వాటిలో ఆకాశమో గుమ్మమో ఒక తెల్లటి చుక్కగా ప్రతిఫలించకపోతే కళ్లున్నట్టే తెలీదు. మధ్యాహ్నం డాబా మీద తీసినవన్నీ ఇలాగే పోయాయి. ఎండ నెత్తి మీద నుంచి పడితే కనుబొమ్మల నీడ కళ్లలో పడి రెండు గుంటల్లా కనిపిస్తాయి. వెలుగు చుక్క లేనివి 83.

చుక్క ఉన్నవాటిలోనూ తేడాలున్నాయి. కనుపాప పైభాగంలో, గడియారంలో పదో రెండో కొట్టే చోట, ఒకే ఒక్క చుక్క ఉంటే ముఖం చురుగ్గా ఉంటుంది. కింది నుంచి వెలుగు పడి చుక్క అడుగున ఉంటే దయ్యం సినిమాలా ఉంటుంది. గచ్చు మీద పడ్డ ఎండ అలా కింది నుంచి కొట్టడం మూడు ఫొటోల్లో చూశాను. మిగతావన్నీ బాగుండటంతో వాటిని అప్పటికి ఉంచాను.

ఫ్లాష్ వేసి తీసిన 19 ఫొటోల్లో కళ్లు పచ్చగా మెరిశాయి. కుక్కల కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఒకటుంటుంది, టేపిటమ్ లూసిడమ్ అంటారు. చీకట్లో వాటికి చూపు ఆనడానికి అది సాయపడుతుంది. మనుషుల ఫొటోల్లో ఎర్రకన్ను తీసే మీటతో ఇది పోదు. చెరిపి నలుపు దిద్దితే పోటీ నియమం ఒప్పుకోదు. కాబట్టి 19కి 19 తీసేశాను. ఒక కంట్లో వెలుగుండి, రెండోది పూర్తిగా నీడలో కలిసిపోయినవి ఇంకో 12.

లెక్క: 175 – 114 = 61.

వెలుతురు గురించి ఇంకో మాట. నల్ల కుక్క ముఖం మీద వేలు నొక్కి ఫోకస్ పెడితే ఫోను "చీకటిగా ఉంది కాబోలు" అనుకుని మొత్తం బొమ్మని వెలిగిస్తుంది. మినుము బూడిద రంగుకి తిరిగాడు, వెనక గోడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వేలు నొక్కాక పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగాలి. మరీ లాగితే ముఖమంతా ఒకే నల్ల ముద్ద అవుతుంది. కనుబొమ్మ మీద వెంట్రుకల మెరుపు కనిపించేంత వరకు లాగి ఆపాలి. నాకు ఈ సంగతి 387 తీశాకే తెలిసింది.

దశ 3: ముఖంలో ఏముంది? (జనవరి 8, 9)

ఇంటిల్లిపాదికీ నచ్చిన ఫొటో ఒకటుంది. నంబరు 0214. మినుము తల పక్కకి తిప్పి, కళ్లు మాత్రం కెమెరా వైపు వాల్చి చూస్తుంటాడు. కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. "ఎంత అమాయకంగా చూస్తున్నాడో" అని అమ్మ, "సిగ్గుపడుతున్నాడు" అని చెల్లి. కన్ను పదును, వెలుగు చుక్క ఉన్నచోటే ఉంది. అప్పటికి అదే పంపుదామనుకున్నాం.

మామ్మ ఒక్కర్తే ఒప్పుకోలేదు. ఫోను చేతికి తీసుకుని దూరంగా పెట్టి చూసి, "ఒరే నాయినా, ఇది బెదిరిపోనాదిరా. సూడు, ఆ సెవులు ఎనక్కి ఎలాగ ఎల్లిపోనాయో" అంది.

అప్పుడు ఆ ఫొటోకి ముందూ వెనకా తీసినవి వరసగా తెరిచాను. 0211లో మా మేనల్లుడి చెయ్యి మినుము మెడ చుట్టూ ఉంది. కదలకుండా పట్టుకోమని నేనే చెప్పాను. 0212లో మినుము నాలుకతో మూతి నాకుతున్నాడు. 0213లో తల తిప్పేశాడు. 0214లో అమ్మ మెచ్చుకున్న అమాయకత్వం. 0216లో లేచి వెళ్లిపోయాడు. తల పక్కకి తిప్పి కంటి తెలుపు చూపించడాన్ని కుక్కల శిక్షకులు వేల్ ఐ అంటారు. నాకు ఇబ్బందిగా ఉంది, వదిలెయ్యమని కుక్క చెప్పే తీరు అది. కుక్కల సంగతి తెలిసిన న్యాయనిర్ణేతకి అది ముద్దుగా కనిపించదు, భయంగానే కనిపిస్తుంది.

దాంతో పద్ధతి మార్చాను. ఒక్కో ఫొటోని విడిగా చూడటం మానేసి, ముందు మూడు, వెనక మూడు కలిపి చూశాను. ఏడు ఫొటోల వరస చూస్తే ఆ క్షణంలో వాడి మనసులో ఏముందో అర్థమైపోతుంది. వాడు లేచి నా దగ్గరికొస్తే ఆ ముఖం సంతోషానిది. దూరంగా పోతే కాదు.

ఇలా తీసేసినవి:

1. కంటి తెలుపు, వెనక్కి అంటుకున్న చెవులు, బిగిసిన మూతి: 16.
2. గట్టి వగర్పు: 18. అలిసిపోతే కుదురుగా కూర్చుంటాడని మేనల్లుడితో పరుగులు పెట్టించాను. నాలుక కొస వెడల్పై వేలాడి, మూతి మూలలు చెవుల దాకా సాగి, కళ్ల కింద ముడతలు వచ్చాయి. చూసినవాళ్లు నవ్వుతున్నాడంటారు. వాడికి ఉక్కపోస్తోంది.
3. కళ్లు సగం మూసినవి: 7.
4. చేతిలో తిండి చూపిస్తే చూపంతా బిస్కట్టు మీదే ఉండి, మూతి నుంచి చొంగ కారుతున్నవి: 6.

ఉంచినవాటిలో ముఖం ఇలా ఉంది: చెవులు ముందుకి తిరిగి, నోరు మూసో, వేలు దూరేంత తెరిచో, మూతి మూలలు వదులుగా, చూపు లెన్సు మీద. ఎడమ చెవి మడతని మొదట లోపం అనుకున్నాను. కుడిది నిటారుగా నిలిచినప్పుడు ఆ మడతే వాడి ముఖానికి గుర్తని తర్వాత తెలిసింది. రెండూ పడిపోయిన ఫొటోల్లో వాడు ఏ వీధి కుక్కైనా కావచ్చు.

చెవులు లేపించడానికి చప్పుళ్లు వాడాం. చేగోడీల స్టీలు డబ్బా మూత తీస్తే మొదటిసారి చెవులు పూర్తిగా లేచి దాదాపు రెండు సెకన్లు అలాగే నిలిచాయి. రెండోసారి సగమే. మూడోసారి తల కూడా తిప్పలేదు, డబ్బాలో తన వాటా లేదని తెలిసిపోయింది. కాబట్టి ఒక చప్పుడు పూటకి రెండుసార్లే. మేనల్లుడు మేకలా అరిస్తే మాత్రం ఎందుకో నాలుగోసారి కూడా పనిచేసింది.

లెక్క: 61 – 47 = 14.

దశ 4: వెనక ఏముంది? (జనవరి 9 సాయంత్రం) – ఇక్కడ బోల్తా

పద్నాలుగు ఫొటోలు. కన్ను, వెలుగు, ముఖం అన్నీ కుదిరినవి. ఇప్పుడు వెనక వైపు చూడటం మొదలుపెట్టాను. బట్టలారేసే తీగ వాడి తల మీంచి వెళ్తోంది. గేటు ఊచ కుడి చెవిలోంచి మొలిచినట్టుంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఆరు ఫొటోల్లో ఉంది. మనం రోజూ చూసే డ్రమ్ము కాబట్టి తీసేటప్పుడు నా కంటికి ఆనలేదు, కొత్తగా చూసేవాడి కన్ను ముందు దాని మీదకే పోతుంది. మూడింట్లో వెనక ముదురు తలుపు ఉండటంతో నల్ల చెవి అంచు చీకట్లో కలిసిపోయింది. కుక్క తల గుండ్రంగా, చెవుల్లేనట్టు ఉంది.

డ్రమ్ముని కత్తిరించి తీసేద్దామనుకున్నాను. నా ఫోను ఫొటో 4000 × 3000. డ్రమ్ము పోయేలా తలవరకే కత్తిరిస్తే 1180 × 1475 మిగిలింది. నియమం 2000. కుదరదు.

స్టూడియో నడిపే బావని అడిగితే, వెనకంతా మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్‌లో తియ్యమన్నాడు. ఆ మోడ్‌లో ముందే తీసినవి రెండున్నాయి. పెంచి చూశాను. మూతి మీది మీసాలు సగంలో తెగిపోయాయి. ఎడమ చెవి మడతని ఫోను వెనక గోడలో భాగమనుకుని కరిగించేసింది. జుట్టు చుట్టూ వెలుగు గీత ఒకటి. మనుషుల చెంపలు నున్నగా ఉంటాయి కాబట్టి అంచు దొరుకుతుంది, బొచ్చు దగ్గర ఫోను తడబడుతుంది. బావకి చూపిస్తే "పెళ్లికూతురికి మీసాలుండవు కదా బావా, ఈ బాధ నాకెప్పుడూ రాలేదు" అన్నాడు.

పద్నాలుగులో ఒక్కటి మాత్రం పోలిక కోసం ఉంచాను, అదీ డ్రమ్ము సగం కనిపిస్తూనే.

లెక్క: 14 – 13 = 1. నిజానికి సున్నా.

ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్నది ఇది. ఎంచేటప్పుడు వరస: కన్ను, వెలుగు, ముఖం, చివర్న వెనక. తీసేటప్పుడు ఆ వరస తిరగబడాలి. ముందు వెనక ఏముండాలో చూసుకోవాలి, తర్వాత వెలుగు ఎటు నుంచి రావాలో, తర్వాత ఫోను ఎక్కడుండాలో. అన్నీ సిద్ధమయ్యాకే కుక్కని పిలవాలి. ముఖభావం రెండు సెకన్ల చుట్టం. అది వచ్చినప్పుడు నేను డ్రమ్ము జరుపుతూ ఉంటే వెళ్లిపోతుంది. నేను నాలుగు రోజులు కుక్క వెనక ఫోను పట్టుకు తిరిగాను. అందుకే 387లో ఒక్కటీ నిలవలేదు.

దశ 5: మళ్లీ తీయడం (జనవరి 10 – 12)

చోటు: ఆమదాలవలస దగ్గర మా చిన్నాన్న కళ్లం. కోతలై నూర్పులు కూడా అయిపోయాయి, ఎండు గడ్డి కుప్ప వేసి ఉంది. నల్ల కుక్కకి తెల్ల గోడ పనికిరాదు, ముదురు చెట్లూ పనికిరావు. ఒకటి ఫోనుని తికమకపెడుతుంది, ఇంకొకటి చెవుల్ని మింగేస్తుంది. నడిమి రంగు కావాలి. ఎండుగడ్డి పసుపు సరిగ్గా అలాంటిది.

జనవరి 10న బండి మీద తీసుకెళ్లాను. దిగిన దగ్గర్నించి వాడు ముక్కు నేలకి ఆనించి కళ్లమంతా వాసన చూస్తూ తిరిగాడు. నలభై నిమిషాల్లో తల ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ రోజు లెక్క: 0.

జనవరి 11 సాయంత్రం మళ్లీ వెళ్లి రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లారేసరికి ఆ చోటు వాడి సొంతమైపోయింది. పొద్దున ఆరున్నరకి మంచు దట్టంగా ఉంది. ఒకటి తీసి చూస్తే షట్టర్ 1/60. ఆగాను. ఏడుంబావుకి మంచు పల్చబడింది, 1/320 వచ్చింది. ఎండ ఇంకా గట్టిపడలేదు.

అమరిక:

1. పశువుల సాల అంచున, కప్పు నీడ పడేచోట గోనెసంచి పరిచాను. కుక్క కూర్చోవలసింది అక్కడ. ముఖం బయటి ఆకాశం వైపు. ఎండ ముఖం మీద పడదు గానీ ఆకాశం కంట్లో పడుతుంది.
2. గడ్డి కుప్ప గోనెసంచికి నాలుగు మీటర్ల వెనక. ఇంత ఎడం ఉంటే పోర్ట్రెయిట్ మోడ్ లేకుండానే గడ్డిపోచలు కొంత మెత్తబడ్డాయి.
3. కూర్చున్న మినుము కంటి ఎత్తు 48 సెంటీమీటర్లు. బోర్లించిన కుంచం మీద ఇటుకలు పేర్చి ఫోను లెన్సు ఆ ఎత్తుకే తెచ్చాను. నిలబడి తీసిన పాత ఫొటోల్లో వాడి నుదురు పెద్దదై కాళ్లు పొట్టివయ్యాయి.
4. దూరం 120 సెంటీమీటర్లు, రెండింతల లెన్సు, ఫోను నిలువుగా.
5. కుక్క లేకుండా ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ చూశాను. ఎడమ పక్కన పలుపుతాడు వేలాడుతోంది. తీసేశాను. ఈ ఖాళీ ఫొటో తియ్యడమే మొత్తం పనిలో ఎక్కువ లాభం ఇచ్చిన అడుగు.
6. అప్పుడు మినుముని పిలిచాను. ఎవరూ పట్టుకోలేదు.

చిన్నమ్మ నా తల వెనక నిలబడి చేటలో బియ్యం చెరిగింది. వాడికి అది కొత్త చప్పుడు. చెవులు లేచాయి. పదకొండు నిమిషాల్లో 64 ఫొటోలు. తర్వాత వాడు ఆవలించాడు. ఆవలింత అంటే విసుగొచ్చిందనే లెక్క, ఆపేశాను.

అదే జల్లెడ పట్టాను: పదును నిలిచినవి 41, కంటి వెలుగు 33, ముఖం 9, వెనకా కూర్పూ 5. మంచులో వెలుతురు చూడ్డానికి తీసినదాన్నీ, ఖాళీ ఫొటోనీ ఇందులో కలపలేదు.

మొత్తం: 387 + 64 = 451. మిగిలినవి: 5, పాతది 1.

దశ 6: ఆరింటిలో ఒకటి (జనవరి 13 – 16)

నాలుగు అంశాలకీ పదేసి మార్కులు వేశాను. ముఖం, కళ్లు, కూర్పు, వెనక.

0437: 7, 8, 9, 9. మొత్తం 33.
0421: 10, 9, 6, 7. మొత్తం 32.

0437లో తప్పు పట్టడానికేం లేదు. వాడు చక్కగా, మధ్యలో, బుద్ధిగా కూర్చున్నాడు. రేషన్ కార్డు ఫొటో కూడా అలాగే ఉంటుంది. 0421లో మెడ కొంచెం ముందుకి చాచి, కుడి చెవి నిటారుగా, ఎడమది మడిచి, నోరు వేలెడంత తెరిచి, ఇప్పుడే ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు చూస్తున్నాడు. కాకపోతే తల పైకి జరిగింది, గడ్డిలో ఒక మూల తెల్లబడింది.

మార్కులు సమానంగా వేస్తే ఏ తప్పూ చెయ్యనిదే గెలుస్తుంది. ముఖానికీ కళ్లకీ రెట్టింపు ఇచ్చి చూశాను. 0437: 14 + 16 + 9 + 9 = 48. 0421: 20 + 18 + 6 + 7 = 51. అంకెలు తిరగబడ్డాయి. నాకు నచ్చినదాన్ని గెలిపించడానికే లెక్క మార్చానేమో అని నాకే అనుమానం వచ్చింది.

అందుకని నన్ను పక్కన పెట్టి పరీక్ష చేశాను. పోటీలో మొదట కనిపించేది చిన్న చదరమే కదా. ఆరు ఫొటోల్నీ రెండు సెంటీమీటర్ల చదరాలుగా కుదించి, ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి, ఏడుగురికి రెండేసి సెకన్లు చూపించి ఫోను మూసేశాను. ఏది బాగుందని అడగలేదు, ఏది గుర్తుందని అడిగాను. భోగి, సంక్రాంతికి చుట్టాలొచ్చారు కాబట్టి మనుషులకి కొరత లేదు. ఐదుగురు 0421 అన్నారు. ఒకరు 0437. ఒకరికి గుర్తున్నది "నీలం డ్రమ్ము". మామ్మ 0421 మీద వేలు పెట్టి, "ఇది పిలిస్తే వొచ్చీలాగ ఉన్నాది" అంది. పది మార్కులు ఎందుకు వేశానో నేను అంత బాగా చెప్పలేకపోయాను.

దశ 7: కత్తిరింపు (జనవరి 17)

0421 నిలువు ఫొటో, 3000 × 4000. కుడి పక్క ఖాళీ ఎక్కువని 2600 × 3250కి కత్తిరించాను. కళ్లు పై నుంచి 1010 పిక్సెళ్ల దగ్గర, అంటే దాదాపు మూడో వంతు మీద పడ్డాయి. కుడి చెవి కొస పై నుంచి 240.

నోటుపుస్తకంలో నియమాలు మళ్లీ చదివితే అప్పుడు గుర్తొచ్చింది చిన్న చదరం సంగతి. ఈ ఫొటోని మధ్యలోంచి చదరంగా కోస్తే 2600 × 2600 అవుతుంది. మిగిలిన 650లో పై నుంచి 325, కింది నుంచి 325 పోతాయి. చెవి కొస 240 దగ్గరుంది. అంటే చదరంలో చెవి తెగుతుంది. జనం ముందు చూసేదే ఆ చదరం.

అసలు ఫొటోలో పైన ఇంకా 400 పిక్సెళ్ల గడ్డి ఉంది. కత్తిరింపు చట్రాన్ని 150 పైకి జరిపాను. చెవి కొస 390కి వచ్చింది, చదరం అంచు నుంచి 65 పిక్సెళ్ల ఊపిరి దొరికింది. కళ్లు 1160కి దిగాయి. పూర్తి ఫొటోలో మూడో వంతు కంటే కొంచెం కిందే, చదరంలో మాత్రం సరిగ్గా ఉండవలసిన చోటే ఉన్నాయి. తెల్లబడ్డ గడ్డి మూల ఎలాగూ కుడి పక్కన కోసేసిన 400లో పోయింది.

వెలుతురులో ముట్టుకున్నవి రెండే. గడ్డి మీది మెరుపు కొంచెం తగ్గించాను. నీడల్ని 12 దాకా పెంచాను, కనుబొమ్మ వెంట్రుకలు తేలాయి. 30 పెడితే మెడ దగ్గర నలుపులో ఊదా రంగు చుక్కలు లేచాయి. పదును పెంచే మీట జోలికి పోలేదు. అది మీసాల పక్కన తెల్ల గీతలు గీస్తుంది.

దశ 8: పంపడం (జనవరి 18)

ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకి రోజూ మెసేజీలు పంపుకొనే యాప్‌లోనే ఫొటోగా పంపుకున్నాను. ఫారం నింపి, ఫైలు జతచేసి, ఆఖరి మీట నొక్కబోతూ పరిమాణం చూశాను. 310 కేబీ. వివరాలు తెరిస్తే 1280 × 1600. ఆ యాప్ దారిలో ఫొటోని కుదించేస్తుంది. పొడవు 2000 లేదు కాబట్టి అలాగే పంపి ఉంటే మొదటి రోజే పక్కన పడేసేవాళ్లు. మళ్లీ డాక్యుమెంటుగా పంపుకున్నాను. 2600 × 3250, 3.8 ఎంబీ. అదే జతచేశాను. కత్తిరించని అసలు ఫొటో పెన్‌డ్రైవులో వేరుగా పెట్టాను, అడిగితే చూపించడానికి.

ఆఖరి లెక్క:

తీసినవి 451.
పదును లేక పోయినవి 212 + 23 = 235.
కంటి వెలుగు లేక 114 + 8 = 122.
ముఖం కుదరక 47 + 24 = 71.
వెనకా కూర్పూ చెడి 13 + 4 = 17.
చివరి ఆరింటిలో ఆగినవి 5.
పంపినది 1.

చేటలో బియ్యం చప్పుడుకి మినుము ఇప్పుడు చెవి కూడా కదపడం లేదు. అమ్మ ఫోను తెర మీద మాత్రం ఇంకా 0214 ఏ ఉంది.